సామూహిక చెల్లింపు ఫైలు సమర్పించే ముందు ఖాతా వివరాల పరిశీలన: దరఖాస్తు విధానం

పాల సహకార సంఘం తన సభ్యుల పాల బిల్లులను ఒకే ఫైలు ద్వారా వారి ఖాతాలకు జమ చేయించాలంటే, సంఘానికి ఖాతా ఉన్న బ్యాంకు శాఖలో అభ్యర్థన పత్రం, సంతకాల అధికారమిచ్చే పాలకవర్గ తీర్మానం ప్రతి ఇచ్చి, ఆ బ్యాంకు వాడే ఫైలు నమూనాను తీసుకోవాలి. నమూనా ప్రతి బ్యాంకుకూ వేరుగా ఉంటుంది. ఐఎఫ్ఎస్‌సీ, ఖాతా సంఖ్య, లబ్ధిదారు పేరు, చెల్లించవలసిన సొమ్ము మాత్రం అన్నింటిలోనూ ఉంటాయి. వీటిలో మొదటి మూడింటిని ఫైలు తయారీకి ముందే సరిచూసుకోవలసిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా, ఈ మూడింటిలో జరిగే తప్పుల ఫలితం ఒకేలా ఉండదని గమనించాలి. మనుగడలో లేని ఐఎఫ్ఎస్‌సీ రాస్తే ఆ వరుస తిరస్కరణకు గురవుతుంది. డబ్బు ఎక్కడికీ పోదు. ఖాతా సంఖ్యలో తప్పు పడి, ఆ తప్పు సంఖ్యతో అదే బ్యాంకులో మరొకరి ఖాతా ఉంటే, డబ్బు వారికి జమ అయిపోతుంది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చెల్లింపులను ఖాతా సంఖ్య ఆధారంగానే జమ చేయవచ్చని రిజర్వు బ్యాంకు 2010లోనే స్పష్టం చేసింది. ఫైలులో మనం రాసే పేరును ఖాతాదారు పేరుతో పోల్చిన తర్వాతే జమ చేస్తారన్న భరోసా లేదు. కాబట్టి శ్రమలో ఎక్కువ భాగం ఖాతా సంఖ్య మీదా, అది ఎవరిదో తేల్చుకోవడం మీదా పెట్టడం మంచిది.

ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరస్థానాలు ఉంటాయి. మొదటి నాలుగు బ్యాంకును తెలిపే ఆంగ్ల అక్షరాలు, అయిదవది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు శాఖను తెలిపేవి. అయిదవ స్థానంలో సున్నాకు బదులు ఆంగ్ల అక్షరం O టైపు చేయడం తరచుగా కనిపించే పొరపాటు. చివరి ఆరు స్థానాల్లో అంకెలే ఉండాలన్న నియమం మాత్రం లేదు. బ్యాంక్ ఆఫ్ బరోడా శాఖల కోడ్‌లలో అక్కడ కూడా అక్షరాలు కనిపిస్తాయి. కోడ్ B2 గడిలో ఉంటే కింది ఎక్సెల్ సూత్రం దాని పొడవునూ, అయిదవ స్థానంలోని సున్నానూ పరీక్షిస్తుంది.

```
=AND(LEN(B2)=11,MID(B2,5,1)="0")
```

ఆకారం సరిగా ఉన్నంత మాత్రాన కోడ్ చెల్లుతుందని కాదు. మన రైతుల పాత పాసుపుస్తకాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాక ANDB తో మొదలయ్యే కోడ్‌లు పోయి UBIN తో మొదలయ్యేవి వచ్చాయి. అదే రోజు కెనరా బ్యాంకులో కలిసిన సిండికేట్ బ్యాంకు కోడ్‌లు 2021 జులై 1 నుంచి పనిచేయడం మానేశాయి. సిండికేట్ కోడ్‌లకు కెనరా ఒక తేలిక లెక్క పాటించింది: శాఖ సంఖ్యకు 10000 కలిపింది, అంటే SYNB0003012 అన్నది CNRB0013012 అవుతుంది. ఆంధ్రా బ్యాంకు కోడ్‌లకు ఇలాంటి ఊహ పనికిరాదు. దేనికైనా చివరి మాట రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉండే నెఫ్ట్ శాఖల జాబితాదే. దాన్ని దించుకుని, ఫైలులోని ప్రతి కోడ్‌నూ అందులో వెతికించాలి.

ఖాతా సంఖ్య పొడవు బ్యాంకును బట్టి మారుతుంది. స్టేట్ బ్యాంకులో 11 అంకెలు, యూనియన్ బ్యాంకులో 15, హెచ్‌డీఎఫ్‌సీలో 14, ఐసీఐసీఐలో 12, పంజాబ్ నేషనల్ బ్యాంకులో 16. కెనరాలో పాత ఖాతాలకు 13, కొత్త వాటికి 12 అంకెలు ఉంటాయి; సిండికేట్ నుంచి వచ్చిన ఖాతాలకు 14. అందువల్ల ఒక్కో బ్యాంకుకు ఒకే పొడవు అని గిరి గీయకుండా, ఆ బ్యాంకుకు చెల్లే పొడవులన్నీ రాసుకోవాలి. స్టేట్ బ్యాంకు స్టేట్‌మెంటులో ఖాతా సంఖ్యకు ముందు సున్నాలు ముద్రించి ఉంటే, కుడివైపు 11 అంకెలను తీసుకోవాలి.

పొడవు పరీక్ష పట్టుకోలేని తప్పు ఒకటుంది. స్టేట్ బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీలో ఖాతా సంఖ్యతో పాటు ఖాతాదారును గుర్తించే సీఐఎఫ్ సంఖ్య కూడా ఉంటుంది, దానికీ 11 అంకెలే. హడావిడిగా ఎక్కించే వ్యక్తి దాన్ని ఖాతా సంఖ్య అనుకుంటే పొడవు సరిపోతుంది, సూత్రం ఏమీ అనదు. దీనికి మందు రెండుసార్లు ఎక్కించడమే: పాసుపుస్తకం ప్రతిని చూసి ఒకరు ఒక గడిలోనూ, ఆ గడిని చూడకుండా మరొకరు వేరే గడిలోనూ సంఖ్యను టైపు చేయాలి, తేడా వచ్చిన వరుసల్ని మళ్లీ ప్రతితో పోల్చాలి. అతికించడం మాత్రం చేయకూడదు.

ఎక్సెల్ తానే చేసే చెడుపు వేరు. గడిని ముందుగా Text రూపంలోకి మార్చకుండా టైపు చేస్తే, 12 అంకెల సంఖ్య 1.23457E+11 గా కనిపిస్తుంది, మొదటి సున్నాలు రాలిపోతాయి. 16 అంకెల సంఖ్యలో చివరి అంకె సున్నాగా మారిపోతుంది. ఈ చివరిది మరీ ప్రమాదకరం, ఎందుకంటే పొడవు అలాగే ఉంటుంది. తర్వాత గడిని Text గా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు, మళ్లీ ఎక్కించవలసిందే. సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచినా ఇదే జరుగుతుంది కనుక, భద్రపరిచాక దాన్ని నోట్‌ప్యాడ్‌లోనే తెరిచి చూడాలి. ఒకే ఖాతా రెండుసార్లు పడిందేమో చూడడానికి COUNTIF వాడితే, అది మొదటి 15 అంకెలనే పోల్చుతుంది కాబట్టి, వేర్వేరు పంజాబ్ నేషనల్ బ్యాంకు ఖాతాలను ఒకటే అని చెప్పవచ్చు. ఖాతా సంఖ్యలు C2 నుంచి C200 వరకు ఉంటే దాని బదులు ఇది వాడాలి, ఫలితం 1 కన్నా ఎక్కువ వస్తే ఆ ఖాతా మళ్లీ పడినట్టే:

```
=SUMPRODUCT(--(C$2:C$200=C2))
```

పేరు విషయంలో నిర్ణయం మనిషిదే. ఖాతా సంఖ్య, ఐఎఫ్ఎస్‌సీ ఇస్తే ఖాతాదారు పేరు చూపే సదుపాయాన్ని నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు 2025 ఏప్రిల్ 1 నాటికి ఉచితంగా అందుబాటులోకి తేవాలని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరు 30న బ్యాంకులను ఆదేశించింది. శాఖలో అడిగి కొత్త సభ్యులకు, వివరాలు మార్చుకున్న సభ్యులకు దీన్ని వాడుకోవచ్చు. లేదా ఒక రూపాయి పంపి, జమ అయిన ఖాతా పేరును చూడవచ్చు.

ఒక వరుసను ఉదాహరణగా తీసుకుందాం. రిజిస్టరులో కొండా వెంకటలక్ష్మి అని ఉంది, బ్యాంకు చూపిన పేరు KONDA VENKATA LAXMI. ఇది అక్షరక్రమం తేడా మాత్రమే, ఆమోదించవచ్చు. ఇంటిపేరు చివర రావడమూ, K V LAXMI అని పొడి అక్షరాలు రావడమూ కూడా అంతే, అయితే పొడి అక్షరాలు వచ్చినప్పుడు పాసుపుస్తకం ప్రతిని మరోసారి చూడాలి. అదే KONDA RAMULU అని వస్తే ఆ వరుసను ఫైలు నుంచి తీసి పక్కన పెట్టాలి. అది ఆమె భర్త ఖాతా కావచ్చు, ఒక అంకె మారి ఎవరిదో కావచ్చు. భర్త ఖాతాకే వేయమని ఆమె కోరితే సంతకంతో రాతపూర్వక సమ్మతి తీసుకున్నాకే వేయాలి; ఇంట్లో వాళ్లే కదా అని నోటిమాట మీద వేసిన చెల్లింపులు ఆడిట్‌లో నిలబడవు. పేరు గడిలో బ్యాంకు చూపిన పేరునే ఆంగ్ల అక్షరాలతో రాయాలి; చుక్కలు, స్లాష్‌లు, & గుర్తు తీసేయాలి, ఎందుకంటే వీటిని కొన్ని నమూనాలు తిరస్కరిస్తాయి.

ఈ పరిశీలన పూర్తయ్యాక వరుసల సంఖ్య, మొత్తం సొమ్ము అభ్యర్థన పత్రంలో రాసి, ఫైలుతో సరిపోయాయని చూసి ఇద్దరు అధీకృతులు సంతకం చేయాలి. బ్యాంకు నుంచి ఏవైనా వరుసలు తిరిగివస్తే కారణాన్ని రిజిస్టరులో రాసి, సరిదిద్దిన వరుసలను మాత్రమే కొత్త ఫైలుగా పంపాలి. పాత ఫైలునే మళ్లీ సమర్పిస్తే మిగిలిన సభ్యులకు రెండోసారి జమ అవుతుంది.