సీసా లేబుల్ మీద అక్షరాలు మార్చితే అతికించినట్టు కనపడకుండా

వరంగల్ చపాట మిర్చి కారం సీసా ఫొటోలో పాత బరువు తీసి "250 గ్రాములు" పెట్టాలి. ఫోటోషాప్‌లో టైప్ చేసి `Arc` ఇస్తే వరుస వంగుతుంది గానీ, అక్షరాలు అతికించినట్టే ఉంటయి. సీసా గుండ్రం కదా, అంచుకు పోయేకొద్దీ అక్షరం సన్నబడాలి: నడుమ నుంచి 60 డిగ్రీల దగ్గర సగం వెడల్పే. `Arc` అది సరిగ్గా చెయ్యదు.

సీసా 600 పిక్సెళ్ల వెడల్పుంటే, కనిపించే సగం చుట్టును పరిస్తే 942 పిక్సెళ్లు. అంత వెడల్పు ఖాళీ పట్టీ మీద, లేబుల్‌లో ఉండాల్సిన చోటనే అక్షరాలు పెట్టి, రెండూ కలిపి `Convert to Smart Object` చేసిన. తర్వాత పట్టీని అడ్డంగా 600కు కుదించి, `Warp`లో రెండు నిలువు గీతలతో సమానంగా మూడు భాగాలు చేసి, ఆ గీతలను నడుమ నుంచి చెరో 150 పిక్సెళ్ల దూరానికి జరిపిన. అంటే 150, 300, 150. అంచులు వాటంతట అవే సన్నబడ్డయి.

వంపును మాత్రం పక్కనున్న అచ్చు వరుస నుంచే తీసుకోవాలి. ఫొటో పైనుంచి తీస్తే లేబుల్ కింది అంచు పై అంచు కన్నా ఎక్కువ వంగుతది. రెండింటికీ ఒకే వంపు ఇస్తే కంటికి వెంటనే దొరుకుతది.