జ్వరంతో తలనొప్పి: డెంగీ కాదని తేలేదాకా ఏ మాత్ర వేసుకోవాలి?

తిరుపతిలో అక్టోబరు, నవంబరు వానలకు మిద్దెల మీది డ్రమ్ముల్లో నీళ్లు నిలిచాక వచ్చే జ్వరం ఫ్లూనో, డెంగీనో మొదటి రెండు రోజుల్లో చూసి చెప్పలేం. రెంటిలోనూ తల పగిలిపోతుంటుంది. అందుకే డెంగీ కాదని తేలేదాకా డెంగీయే అనుకుని మాత్ర ఎంచుకోండి.

వైరస్‌తో పోరాడేటప్పుడు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు పెరుగుతాయి. జ్వరం పెంచేవీ, తలలోని నరాలు కొద్దిపాటికే నొప్పి పుట్టేలా చేసేవీ అవే. ఒంట్లో నీళ్లు తగ్గితే నొప్పి ఇంకా ముదురుతుంది.

ముందు మాత్రల అట్ట వెనక్కి తిప్పి, పెద్దక్షరాల పేరు వదిలేసి కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. పారాసిటమాల్ ఒక్కటే ఉంటే వాడొచ్చు. దాని పక్కన గానీ, విడిగా గానీ ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. డెంగీలో ప్లేట్‌లెట్లు ఎలాగూ తగ్గుతాయి. ఈ మందులు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. వీటిలో చాలావరకు మిగిలిన ప్లేట్‌లెట్లను కూడా సరిగా పనిచేయనివ్వవు. దాంతో రక్తస్రావం మొదలవ్వొచ్చు. తొందరగా తగ్గాలని నడుముకు వేయించుకునే డైక్లోఫెనాక్ సూది ఇంకా చెడ్డది, పొడిచినచోటే లోపల రక్తం చేరి గడ్డలా వాచొచ్చు. జ్వరమున్న పిల్లలకైతే ఆస్పిరిన్ అసలే వద్దు.

ఇక మోతాదు. 60 కిలోల మనిషి 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి వేసుకుంటే రోజుకు నాలుగు, అంటే 2,600 మిల్లీగ్రాములు. డెంగీ అనుమానంలో పెద్దలకు 3,000 దాటనివ్వకూడదు. ఆ మనిషే జలుబుకని మూడుపూటలా ఇంకో మాత్ర వేసుకుంటే, అందులోనూ 500 పారాసిటమాల్ ఉంటే, మొత్తం 4,100 అవుతుంది. లివర్ దెబ్బతినేది ఇలాగే. జలుబు మాత్ర అట్ట కూడా చదవమనేది అందుకే. తాగే అలవాటు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, పిల్లల బరువును బట్టి మందు పోయాల్సినవాళ్లు డాక్టరును అడిగే వాడాలి.

మాత్రతో జ్వరం పూర్తిగా దిగకపోయినా కంగారుపడి మధ్యలో ఇంకోటి వేయకండి. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో ఒళ్లు తుడవండి. ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. మూత్రం లేత రంగులో నాలుగైదు గంటలకోసారైనా వస్తోందో లేదో చూడండి.

మొదటి ఐదు రోజుల్లో డెంగీని పట్టే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్కతో పాటు రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ చేయించండి. డెంగీలో అసలు గండం జ్వరం దిగే రోజుల్లోనే, సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, మెడ బిగుసుకోవడం, వీటిలో ఏది కనిపించినా రాత్రైనా సరే రుయా ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి.

గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా మానేయొద్దు. జ్వరం మొదలైన రోజే గుండె డాక్టరుకు ఫోన్ చేసి, ఆపాలో కొనసాగించాలో ఆయన్నే అడగండి.