స్కూల్ బస్సు రూటు: అందరికంటే దూరాన ఉన్న పిల్లకి ప్రయాణం సాగిపోకుండా ఎలా వేయాలి?

రూటు వేసేటప్పుడు చాలామంది స్కూలు దగ్గర మొదలుపెట్టి, పిల్లల ఇళ్లు ఒక్కొక్కటే కలుపుకుంటూ బయటికి పోతారు. చివరి ఇల్లు తగిలేసరికి ఆ పిల్లకి గంటంపావు ప్రయాణం తేలుతుంది. ఈ పని తిరగేసి చేయాలి. ఉదయం ముందుగా ఎక్కేది ఆ పిల్లే కాబట్టి, తను ఎంతసేపు కూర్చోవచ్చో ముందు నిర్ణయించి, మిగతా స్టాపులన్నీ ఆ సమయంలో ఇమిడేలా చూడాలి.

మొదట, ఎక్కడా ఆగకుండా ఆ స్టాపు నుంచి స్కూలుకి బస్సు ఎంతసేపట్లో వస్తుందో కొలవండి. ఫోన్ మ్యాప్ చూపించే సమయం కారుకి సరిపోతుంది, బస్సుకి కాదు. స్కూలు ఉన్న రోజున, పిల్లలు వెళ్లే వేళకే, అదే బస్సుని నడిపించి చూడాలి. సెలవు రోజున తీసిన లెక్క పనికిరాదు.

ఈ నేరు ప్రయాణం 28 నిమిషాలు వచ్చిందనుకుందాం. అధికారిక నియమం ఏదైనా ఉంటే హద్దు అదే. లేకపోతే దూరపు పిల్ల విషయంలో నేరు సమయానికి రెట్టింపు దాటనివ్వకూడదని నా అభిప్రాయం. చిన్న తరగతుల పిల్లలుంటే ఇంకా తగ్గించాలి. ఇక్కడ 50 నిమిషాలు పెట్టుకుందాం.

ఇప్పుడు ఆ 28 మీద ఏమేం చేరుతున్నాయో రాసుకోండి. మొదటిది, స్టాపులు. బ్రేకు వేయడం, తలుపు తీయడం, పిల్లలు ఎక్కి కూర్చోవడం, మళ్లీ ట్రాఫిక్‌లో కలవడం, అన్నీ కలిపి ఒక్కో స్టాపుకి నిమిషమైనా పడుతుంది. దారిలో 11 స్టాపులుంటే 11 నిమిషాలు. రెండోది, మెయిన్ రోడ్డు వదిలి లోపలికెళ్లి రావడం. ఈ రూటులో అలాంటివి మూడు: ఒకచోట 6 నిమిషాలు, ఒకచోట 4, ఇంకోచోట 5. మొత్తం 15. మూడోది, గేటు పడినా వాన పడినా తట్టుకోవడానికి ఉంచుకునే 5 నిమిషాలు. అన్నీ కలిపితే 59. హద్దు దాటి 9 నిమిషాలు ఎక్కువైంది.

ఇక్కడ డ్రైవర్‌ని తొందరపెట్టడం దారి కాదు. వేగం పెంచితే రిస్కు పెరుగుతుందే తప్ప కలిసొచ్చేది తక్కువ. కోత పడాల్సింది స్టాపుల్లో, పక్కదారుల్లో. దగ్గరదగ్గరగా ఉన్న స్టాపులు కలిపి 11ని 8 చేస్తే 3 నిమిషాలు మిగులుతాయి. ఇక 6 నిమిషాల పక్కదారి చూడండి. ఆ లోపల ఎక్కేది ఇద్దరే, అదీ పెద్ద తరగతుల పిల్లలు. వాళ్ల స్టాపుని వీధి మొగకి తెస్తే ఆ 6 కూడా పోతాయి. మొత్తం సరిగ్గా 50కి దిగింది.

మరి 4 నిమిషాలదాన్ని ఎందుకు తీసేయలేదు? అక్కడ ఎక్కేది చిన్నపిల్లలు, పైగా మెయిన్ రోడ్డు దాటాలి. స్టాపు మార్చే ముందు ఆ చోటికి వెళ్లి నిలబడి చూడండి: బస్సు ఆగే వైపే పిల్లలు నిలబడగలరా, నిలబడే జాగా రోడ్డుకి ఎడంగా ఉందా? ఏ ఒక్కటి లేకపోయినా పక్కదారిని ఉంచేయాలి. తీసేయదగ్గవి తీసేశాక కూడా హద్దు దాటుతుంటే, ఒక బస్సుతో అయ్యే పని కాదు. దూరపు గుంపుకి వేరే బండి చూడాలి.

టైమింగులు వెనక నుంచి వేయండి. స్కూలుకి 8:30కి చేరాలంటే మొదటి స్టాపు 7:40. ఆ మిగులు 5 నిమిషాలని స్టాపుల మధ్య పంచకండి. పంచితే ట్రాఫిక్ లేని రోజు బస్సు ముందుగా వచ్చేసి, ఇచ్చిన టైమయ్యేదాకా స్టాపు స్టాపులోనూ ఆగాల్సి వస్తుంది. ఆ ఆగినంతసేపూ దూరపు పిల్ల లోపల కూర్చునే ఉంటుంది. మిగులు అంతా చివరి స్టాపు తర్వాత ఉంచితే, అలాంటి రోజు బస్సు 8:25కే గేటు ముందుంటుంది.

సాయంత్రం సంగతి వేరు. రూటు ఒకే రోడ్డు మీద సాగితే దూరపు పిల్ల చివర్లోనే దిగుతుంది. ముందు తనని దింపి వెనక్కి రావచ్చు కదా అనిపిస్తుంది, కానీ అప్పుడు స్కూలు పక్కనున్న పిల్ల ఆ చివరిదాకా వెళ్లి తిరిగి రావాలి, గంట దాటిపోతుంది. అదే రూటు చుట్టు తిరిగే రకమైతే మాత్రం సాయంత్రమూ ఉదయం వరసలోనే తిప్పండి. ముందు ఎక్కినవాళ్లు ముందే దిగుతారు.

రూటు మొదలయ్యాక ఒక వారం పాటు అటెండర్‌తో ప్రతి స్టాపులో బస్సు వచ్చిన టైము, కదిలిన టైము రాయించండి. రోజూ ఒకే స్టాపులో రెండు మూడు నిమిషాలు పోతుంటే అక్కడ ఎవరికోసమో ఆగుతున్నారని అర్థం. ఆ ఇంటివాళ్లతో మాట్లాడాలి. స్టాపుల దగ్గర అంతా బాగుండి, రెండు స్టాపుల మధ్యే ఆలస్యమవుతుంటే మీ నేరు ప్రయాణం లెక్క తప్పు. ఆ ముక్కని మళ్లీ కొలిచి, కోతకి ఇంకో స్టాపు వెతకండి.