పాత చేతిరాత కాగితాన్ని స్కాన్ చేయడం ఎలా? (అక్షరం పోవద్దు, ఫైలు బరువెక్కొద్దు)

నల్లగొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా జిరాక్స్ షాపుకి వచ్చే చేతిరాత కాగితాల్లో ఎక్కువ సాదాబైనామాలే, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా రాసుకున్న భూమి అమ్మకం కాగితాలు. అదివరకే ఎక్కడో స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, తెరిచి చూస్తే రెండే రకాలు. ఒకటి, ఒక్క పేజీకే ముప్పై ఎంబీ. రెండోది, చిన్నగానే ఉంటుంది కానీ సర్వే నంబరు పక్కన అ ఉందో ఆ ఉందో దేవుడికే తెలియాలి. 148/అ ఒకరిది, 148/ఆ ఇంకొకరిది అయినప్పుడు ఆ చిన్న మెలిక పోతే కాగితం ఉండీ లేనట్టే. అందుకే ఈ కాగితాన్నే ఉదాహరణగా పట్టుకుని చెప్తాను: రెండు పేజీలు, వెలిసిన నీలం సిరా, పసుపెక్కిన కాగితం, నాలుగు మడతలు, కింద ఊదారంగు వేలిముద్ర.

1. కాగితం పెట్టడం

ఫ్లాట్‌బెడ్ స్కానరే వాడండి. పాత కాగితాన్ని ఫీడర్‌లో పెట్టేవాళ్లతో నాకు మాటల్లేవు. అద్దం తుడవండి. కాగితం పల్చగా ఉండి వెనక పేజీ రాత ఇటు కనిపిస్తుంటే వెనకాల నల్ల చార్టు ముక్క పెట్టండి. కాగితం కొంచెం మబ్బుగా వస్తుంది కానీ వెనక రాత చాలావరకు అణిగిపోతుంది.

2. రిజల్యూషన్: 300 డీపీఐ

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. బాల్ పెన్ను గీత సుమారు 0.3 మిల్లీమీటర్ల మందం అనుకుంటే, 300లో ఆ గీతకి మూడు నాలుగు చుక్కలు దక్కుతాయి, 150లో రెండు కూడా రావు. రెండు చుక్కల్లో ఒత్తు ఏం నిలుస్తుంది? 600కి పోతే చుక్కలు రెట్టింపు కావు, నాలుగింతలవుతాయి, ఎందుకంటే నిలువూ పెరుగుతుంది అడ్డమూ పెరుగుతుంది. వేలిముద్ర గీతలు పోల్చి చూడాల్సిన పని ఉంటే అప్పుడు 600 పెట్టండి, లేకపోతే వద్దు. మెనూలో కనిపించే 9600 లాంటి పెద్ద నంబర్ల జోలికి అసలు పోవద్దు, వాటిలో చాలావరకు స్కానర్ చూసినవి కాదు, సాఫ్ట్‌వేర్ ఊహించి నింపిన చుక్కలు.

3. కలర్ మోడ్: అందరూ ఆగమయ్యేది ఇక్కడే

"అన్నా, బ్లాక్ అండ్ వైట్‌ల కొట్టు, సైజు తక్కువొస్తది" అంటారు. నిజమే, తక్కువొస్తుంది. ఏ4 పేజీ 300లో సుమారు 87 లక్షల చుక్కలు. కుదించకముందు కలర్‌లో అది 26 ఎంబీ, గ్రేలో 8.7 ఎంబీ, బ్లాక్ అండ్ వైట్‌లో ఒక్క ఎంబీ. కానీ ఆ ఒక్క ఎంబీ ఎలా వచ్చిందో చూడాలి.

బ్లాక్ అండ్ వైట్ అంటే ఫొటోలో కనిపించే నలుపు తెలుపు కాదు. స్కానర్ ప్రతి చుక్కనీ 'నువ్వు నలుపా, తెలుపా' అని అడిగి ఏదో ఒకటి తేల్చేస్తుంది, మధ్యలో బూడిద రంగుకి చోటే లేదు. పూర్తి నలుపుని 0, పూర్తి తెలుపుని 255 అనుకోండి, నడిమధ్య 128 దగ్గర గీత గీసి, అంతకన్నా ముదురైతే నలుపు, లేతైతే తెలుపు అంటుంది. మన సాదాబైనామాలో కాగితం 200 దగ్గర ఉంటుంది. పెన్ను గట్టిగా నొక్కిన చోట సిరా 100, తేలిపోయిన చోట 140. మడత నీడ 115. ఇప్పుడు లెక్క వేయండి. తేలిపోయిన సిరా తెలుపై మాయమైపోయింది, మడత నీడేమో నల్లటి గీతై అక్షరాల మీద పడింది. గీతని 150కి జరిపితే ఆ సిరా తిరిగొస్తుంది కానీ మడత ఇంకా లావవుతుంది, పక్కనున్న మరకలు కూడా లేస్తాయి. ఎటు జరిపినా ఏదో ఒకటి పోతుంది.

ముందు పోయేవి సన్నటివే, అంటే తలకట్టు, ద కి ధ కి తేడా చూపే అడుగు గీత, ఒత్తుల తోకలు. అంకెల్లో అయితే అడ్డగీత. "2-05" అంటే రెండెకరాల ఐదు గుంటలు, ఆ అడ్డగీత ఎగిరిపోతే 205 అని చదువుతారు. ఇంకో చిక్కేంటంటే, ఇది స్కాన్ అయ్యాక దిద్దుకోవడానికి లేదు. బూడిద రంగు ఫైల్లోకే రాలేదు కాబట్టి ఏ ఎడిటరూ దాన్ని వెనక్కి తేలేదు. ఫోన్ యాప్‌లలో కాగితాన్ని తెల్లగా మెరిపించే ఫిల్టర్లు కూడా చాలావరకు ఇదే పని చేస్తాయి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అందుకే మోసపోతారు. స్కానర్‌లో "టెక్స్ట్" అనో "డాక్యుమెంట్" అనో రెడీగా ఉండే సెట్టింగ్ కూడా లోపల బ్లాక్ అండ్ వైటేమో చూసుకోండి.

కాబట్టి నా పద్ధతి ఇది. ఒకే సిరాతో రాసిన పేజీకి గ్రేస్కేల్. రాత మీద ముద్రో వేలిముద్రో పడి ఉంటే, రెండు రంగుల సిరాలుంటే ఆ పేజీ ఒక్కటే కలర్, ఎందుకంటే గ్రేలో ఊదా ముద్ర, నీలం రాత దాదాపు ఒకే బూడిదై కలిసిపోతాయి. మన ఉదాహరణలో మొదటి పేజీ గ్రే, వేలిముద్ర ఉన్న రెండోది కలర్. బ్లాక్ అండ్ వైట్ కొత్త తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో రాసినదానికి మాత్రమే, అది కూడా చూసుకుని.

4. కాగితాన్ని తేలిక చేయడం

దీన్ని దాదాపు ఎవరూ చేయరు, సైజు తగ్గేది మాత్రం ఇక్కడే. పాత కాగితం గరుకుని, పసుపు మచ్చల్ని కూడా జేపెగ్ బుద్ధిగా దాచిపెడుతుంది, ఫైలు బరువులో పెద్ద వాటా దానిదే. GIMP అనే ఫొటో ఎడిటర్ తెరిచి `Colors > Levels`లో కుడి చివర ఉన్న తెల్ల త్రికోణాన్ని కాగితం విలువ దాకా, అంటే మన 200 కన్నా కాస్త తక్కువకి జరపండి. కాగితం తెల్లబడి గరుకు పోతుంది, సిరాలో బూడిద ఛాయలు అలాగే ఉంటాయి. సన్నటి అక్షరాలు చూస్తూ జరపండి, అవి కరగడం మొదలవగానే వెనక్కి రండి. ఎడమవైపు నల్ల త్రికోణాన్ని ముట్టుకోవద్దు, దాన్ని జరిపితే మడత నీడ ముదురుతుంది.

5. ఫార్మాట్

మొదటి స్కాన్‌ని టిఫ్‌గా ఇంట్లో దాచుకోండి. ఇచ్చే కాపీ జేపెగ్, క్వాలిటీ 75. పీఎన్‌జీ గరుకు కాగితానికి పనికిరాదు, దేన్నీ వదలదు కాబట్టి బరువెక్కుతుంది. పీడీఎఫ్ అంటే పెట్టె మాత్రమే, లోపల ఉండేది ఆ జేపెగ్గే, రెండు పేజీల్ని ఒక ఫైలు చేయడానికి వాడండి. ఇలా చేస్తే మన రెండు పేజీలు కలిపి మామూలుగా ఒకటిన్నర ఎంబీ దగ్గరికి వస్తాయి.

స్కానర్‌లో "కాంపాక్ట్ పీడీఎఫ్", "హై కంప్రెషన్" అని ఉంటే మాత్రం చేతిరాతకి వద్దు. అది పేజీని పొరలుగా విడదీసి, అచ్చక్షరం అనుకున్నదాన్ని పదునుగా, మిగతాదాన్ని తక్కువ రిజల్యూషన్‌లో మసకగా దాస్తుంది. లేత చేతిరాతని అది అక్షరమని గుర్తించకపోతే మరకతో పాటు మసక పొరలో పడేస్తుంది. స్టాంపు పేపరు మీద అచ్చు మాటలు మెరుస్తూ, మధ్యలో రాసిన పేర్లు అలికినట్టు కనిపిస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు.

అప్‌లోడ్ చేసే చోట ఇంకా చిన్నది కావాలంటే ముందు క్వాలిటీని 60కి తగ్గించండి, చాలకపోతే 200 డీపీఐకి కుదించండి, అంతకన్నా కిందికి పోవద్దు. ప్రతిసారీ టిఫ్ నుంచే మొదలుపెట్టండి, జేపెగ్‌ని మళ్లీ జేపెగ్ చేసిన కొద్దీ అక్షరాల చుట్టూ మురికి పెరుగుతుంది. పంపే ముందు 100 శాతం జూమ్‌లో తెరిచి సర్వే నంబరు, ఎకరాలు-గుంటలు, సాక్షుల పేర్లు చదవండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు గ్యాలరీ నుంచి ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది తన లెక్కలో ఇంకోసారి కుదిస్తుంది.