రిజల్ట్స్ ముందు స్వింగ్ షేర్లు ఉంచుకోవాలా, అమ్మేయాలా?

చిత్తూరులో అంగడి నడిపే మా బావ సోమవారం ఫోన్ చేసినాడు. "620 లెక్కన 150 షేర్లు కొన్నా. ఇప్పుడు 655. గురువారం సాయంత్రం రిజల్ట్స్ అంట. 600 దగ్గర స్టాప్‌లాస్ ఉంది కదా, ఇంక భయమేముందిలే?"

భయమంతా ఆ స్టాప్‌లాస్‌తోనే. గురువారం మార్కెట్ మూసినాక రిజల్ట్స్ వచ్చి, శుక్రవారం షేరు 583 దగ్గర తెరుచుకుందనుకోండి. 600 అనే ధర దారిలో తగలనే తగలదు. మార్కెట్ ఆర్డర్ ఉంటే ఇంచుమించు 583కే అమ్ముడుపోతుంది. 600కి లిమిట్ పెట్టి ఉంటే ధర మళ్ళీ 600కి ఎక్కేదాకా అసలు అమ్ముడే పోదు.

అందుకే ముందు తేదీ, సమయం చూసుకోండి. బోర్డు మీటింగ్ తేదీ ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లలో ఉంటుంది. పోయిన రిజల్ట్స్ ఎన్ని గంటలకు వచ్చాయో పాత ప్రకటనల్లో చూస్తే ఒక అంచనా దొరుకుతుంది. కొన్ని కంపెనీలు మార్కెట్ నడుస్తుండగానే ఇచ్చేస్తాయి.

తర్వాత చార్టు తెరిచి, గత 8 క్వార్టర్లలో రిజల్ట్స్ వచ్చిన మరుసటి రోజు షేరు ఎంత శాతం తేడాతో తెరుచుకుందో కాగితం మీద రాయండి. అరగంట పని. బావ షేరులో అన్నిటికంటే పెద్ద పతనం 11 శాతం.

ఇప్పుడు అసలు లెక్క. 655 మీద 11 శాతం పోతే 583. కొన్న ధర కంటే 37 తక్కువ, 150 షేర్లకు 5,550 రూపాయల నష్టం. బావ పెట్టుబడి 4 లక్షలు, ఒక ట్రేడులో 1 శాతం, అంటే 4,000 మించి పోగొట్టుకోకూడదన్నది ఆయన పెట్టుకున్న హద్దే. కాబట్టి 150 షేర్లూ ఉంచుకోవడం కుదరదు. 50 అమ్మితే 1,750 లాభం చేతికొస్తుంది. మిగిలిన 100 మీద నష్టం 3,700, నికరంగా పోయేది 1,950. ఈసారి 11 దగ్గరే ఆగుతుందని ఎవరూ రాసివ్వలేదు గదా! 15 శాతం పడితే నికర నష్టం 4,550 దాకా పోతుంది. హద్దు కాస్త దాటినా తట్టుకోగలడు.

ఒక్కచోట ఈ లెక్క పనికిరాదు. ఎఫ్ అండ్ ఓలో లేని షేరుకు ఒకరోజులో 5 లేదా 10 శాతం మించి కదలకూడదనే సర్క్యూట్ పరిమితి ఉంటే, లోయర్ సర్క్యూట్‌లో కొనేవాడే దొరకడు, రోజుల తరబడి ఇరుక్కుంటారు. అలాంటిది నేనైతే ముందురోజే మొత్తం అమ్మేస్తా.

బావ బుధవారం 50 అమ్మినాడు. మిగతా 100కి ఏం చేయాలో అంగడి లెక్కల పుస్తకంలోనే రాసుకున్నాడు: శుక్రవారం 600 కింద తెరుచుకుంటే మొదటి పావుగంటలో అమ్మకం, 655 పైన తెరుచుకుంటే స్టాప్ 620కి, మధ్యలో ఉంటే పాత స్టాపే.