జీఎస్టీ క్రెడిట్ తగ్గుతోందా? అకౌంటెంట్‌ను మార్చే ముందు ఇది చూడండి

సమస్య: కొనుగోళ్లపై కట్టిన పన్ను పూర్తిగా సర్దుబాటు కావడం లేదు, ప్రతి నెలా చేతి డబ్బు ఎక్కువ పడుతోంది. రిటర్నులు వేసే ఫ్రీలాన్సరేమో బిల్లులు అందలేదంటాడు, యజమానేమో వాట్సాప్‌లో పంపానంటాడు. చాలామంది ఇక్కడ విసిగిపోయి ఏజెన్సీకి మారతారు. ఏజెన్సీ వచ్చినా బిల్లులు సొరుగులోనే ఉంటాయి.

కారణం: నెలవారీ రిటర్నులు వేసేవారికి మరుసటి నెల 14న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి, అంటే సరఫరాదారులు మీ పేరు మీద చూపిన బిల్లుల జాబితా తయారవుతుంది. దాన్ని టాలీలోని కొనుగోళ్లతో బిల్లు బిల్లుకూ పోల్చండి. ఉదాహరణకు ఒక హార్డ్‌వేర్ దుకాణానికి రావాల్సిన క్రెడిట్ రూ.62,000, పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బిలో తీసుకున్నది రూ.45,500 అనుకుందాం. తేడా రూ.16,500. అందులో రూ.12,000 క్రెడిట్ ఉన్న పెయింటు బిల్లులు 2బిలో ఉన్నాయి, టాలీలో లేవు. అంటే దుకాణంలోనే ఎవరూ ఎక్కించలేదు. మరో రూ.3,000 టాలీలో ఉంది, 2బిలో లేదు. సరఫరాదారు 11వ తేదీలోపు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేయలేదన్నమాట. మిగిలిన రూ.1,500 రెండింటిలోనూ ఉన్నా 3బిలో తీసుకోలేదు. ఫ్రీలాన్సర్ తప్పు ఇదొక్కటే.

పరిష్కారం: ఈ దుకాణానికి కావాల్సింది సాయంత్రం రెండు గంటలు కౌంటర్ దగ్గరే కూర్చుని ఆ రోజు బిల్లులు ఆ రోజే ఎక్కించే పార్ట్‌టైమ్ ఉద్యోగి. సరఫరాదారు తన జీఎస్టీఆర్-1లో బిల్లు చూపించకపోతే ఫోన్ చేసి అడిగేదీ అతనే. రిటర్నులు పాత ఫ్రీలాన్సరే వేయవచ్చు. వదిలేసిన క్రెడిట్‌ను తర్వాతి 3బిలో తీసుకోవచ్చు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 గానీ, వార్షిక రిటర్ను వేసిన రోజు గానీ, ఏది ముందైతే అదే గడువు.

ఎంట్రీలన్నీ సరిగ్గా ఉండి, గడువు మాత్రమే తప్పుతుంటే అది వేరే జబ్బు. ఒక్క మనిషి ఊరెళ్తే పని ఆగుతుంది, 3బికి రోజుకు రూ.50 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. పన్ను బాకీ ఉంటే 18 శాతం వడ్డీ కూడా. అప్పుడు ఏజెన్సీ ఖర్చుకు అర్థం ఉంది. ఒకరు లేకపోతే మరొకరు వేస్తారు. అయితే వాళ్లలో మీ ఫైలు ఎవరు చూస్తారో ముందే పేరుతో అడగండి.

మరో సమస్య: మనిషిని మార్చాలనుకుంటే ఓటీపీ అతని ఫోనుకే వెళ్తోంది.

కారణం: రిజిస్ట్రేషన్ నాడు అతని నంబరు, ఈమెయిల్ ఇచ్చేశారు. ఇది చాలా మామూలుగా జరిగేదే.

పరిష్కారం: మాటామాటా రాకముందే పోర్టల్‌లో నాన్-కోర్ సవరణ కింద అధీకృత సంతకందారు వివరాల్లో మీ సొంత నంబరు, ఈమెయిల్ పెట్టించండి. అతను సహకరించకపోతే గుర్తింపు, వ్యాపార పత్రాలతో మీ పరిధిలోని జీఎస్టీ అధికారిని కలవండి. పరిశీలించాక ఆయనే కొత్త ఈమెయిల్, నంబరు నమోదు చేస్తారు, తాత్కాలిక పాస్‌వర్డ్ మీ మెయిల్‌కు వస్తుంది.