పౌండ్ల తూకం, కిలోల మోతాదు: నా అనుభవం

పాపకు జ్వరం. డాక్టరు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ వేయమన్నారు. మా తూకం మిషన్ మాత్రం 15 పౌండ్ల 8 ఔన్సులు చూపించింది. పౌండుకు 16 ఔన్సులు కాబట్టి అది 15.8 కాదు, 15.5 పౌండ్లు. దాన్ని 2.2తో భాగిస్తే సుమారు 7 కిలోలు. కిలోల అంకె ఎప్పుడూ పౌండ్ల అంకెలో సగం కంటే తక్కువే ఉండాలి. నేను ముందు చూసుకునేది అదే.

7 కిలోలకు 105 మిల్లీగ్రాములు. మా సిరప్‌లో 5 ఎం.ఎల్.కు 120 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 4.4 ఎం.ఎల్. ఫార్మసిస్టుతో సరిచూయించుకుని సిరంజితో వేశాను. 15.5ను కిలోలుగా తీసుకుని ఉంటే 9.7 ఎం.ఎల్. అయ్యేది, రెట్టింపు కంటే ఎక్కువ.

చుక్కల మందు ఇంకా ప్రమాదం. కొన్నిటిలో ఒక్క ఎం.ఎల్.లోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి, అదే 4.4 వేస్తే 440 మిల్లీగ్రాములు! అందుకే మోతాదును ఎం.ఎల్.లో గుర్తుపెట్టుకోను. మిల్లీగ్రాముల్లో రాసుకుని, సీసా మారినప్పుడల్లా లేబుల్ చూసి మళ్లీ లెక్కేస్తాను. మిషన్‌ను కిలోలకు మార్చేశాను. అయినా బ్యాటరీ మార్చాక యూనిట్ చూడందే బరువు రాయను.